"ఆపరేటర్ తప్పిదం" దగ్గర ఆగని ప్రమాద నివేదిక: ఏ పద్ధతి ఎప్పుడు ఎంచుకోవాలి?

ప్రమాద విచారణ ఫారంలో "కారణం" అన్న గడి చిన్నదిగా ఉంటుంది. "ఆపరేటర్ నిర్లక్ష్యం" అన్న రెండు మాటలు అందులో సరిగ్గా పడతాయి. కింద "మళ్లీ శిక్షణ ఇచ్చాం" అని రాస్తే ఫైలు మూసేయొచ్చు. ఆర్నెల్లకు అదే యంత్రం దగ్గర వేరే మనిషికి దెబ్బ తగులుతుంది.

దీనికి విరుగుడుగా ఫ్యాక్టరీల్లో వాడుకలో ఉన్న పద్ధతులు ముఖ్యంగా నాలుగు. అయిదు ఎందుకులు, చేపముల్లు బొమ్మ, మనుషులు-పరికరాలు-పరిసరాలు అన్న మూడు వరుసల కాలక్రమం, కారణాల చెట్టు. ఏది మంచిదని అడిగితే ఒక్క జవాబు లేదు. నాలుగింటినీ ఒకే ప్రమాదం మీద పెట్టి చూస్తే మాత్రం ఏది ఎక్కడ మోసం చేస్తుందో తెలుస్తుంది. అందుకు అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీ పేలుడును తీసుకుందాం. దాని వివరాలన్నీ బహిరంగ నివేదికల్లో ఉన్నాయి. పైగా మొదట్లో అది కూడా మనుషుల తప్పు దగ్గరే ఆగబోయింది.

ఏం జరిగింది

2005 మార్చి 23న బీపీ కంపెనీకి చెందిన ఆ రిఫైనరీలో పెట్రోల్ ఆక్టేన్ పెంచే ఐసోమరైజేషన్ యూనిట్‌ను మరమ్మతుల తర్వాత మళ్లీ నడపడం మొదలుపెట్టారు. అందులో దాదాపు 170 అడుగుల ఎత్తున్న ఒక స్వేదన టవర్ ఉంది. మామూలుగా దాని అడుగున కొద్ది అడుగుల మేరకే ద్రవం ఉండాలి. ఆ రోజు మూడు గంటలపాటు లోపలికి ద్రవం వస్తూనే ఉంది, బయటికి పోయే వాల్వ్ మాత్రం మూసి ఉంది. టవర్ పైదాకా నిండి, వేడెక్కిన ద్రవం పై గొట్టంలోకి పొర్లింది. రిలీఫ్ వాల్వులు తెరుచుకుని అదంతా బ్లోడౌన్ డ్రమ్ములోకి పోయింది. ఆ డ్రమ్ము పొగగొట్టానికి, వచ్చిన వాయువును కాల్చేసే ఫ్లేర్ లేదు, నేరుగా గాలిలోకే తెరుచుకుని ఉంటుంది. అక్కడి నుంచి మండే ద్రవం, ఆవిరి కింద నేలమీద పరుచుకున్నాయి. మధ్యాహ్నం 1:20 ప్రాంతంలో మంట అంటుకుంది. దగ్గరలో ఇంజన్ ఆపకుండా నిలిపి ఉన్న ఒక డీజిల్ పికప్ బండి నుంచే అంటుకుని ఉంటుందని విచారణలో తేలింది. 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. చనిపోయిన వారంతా పక్కనే ఉన్న తాత్కాలిక ట్రైలర్ ఆఫీసుల్లోనో వాటి దగ్గరో పనిచేస్తున్న కాంట్రాక్టు సిబ్బంది. వాళ్లకీ ఆ యూనిట్‌కీ సంబంధం లేదు.

రెండు నెలలకు కంపెనీ విడుదల చేసిన మధ్యంతర నివేదిక సూపర్‌వైజర్లు, ఆపరేటర్లు చేసిన పొరపాట్లను ముందుకు తెచ్చింది. 2007 మార్చిలో అమెరికా రసాయన భద్రతా మండలి ఇచ్చిన తుది నివేదిక అక్కడ ఆగలేదు. అసలు తేడా అంతా ఈ రెంటి మధ్యనే ఉంది.

అయిదు ఎందుకులు: ఒక్క గీతలో నడిచే పద్ధతి

పేలుడు ఎందుకు? మండే ఆవిరి బయటికి వచ్చింది. ఎందుకు? టవర్ నిండి పొర్లింది. ఎందుకు? ద్రవం వస్తుండగా బయటికి పోయే వాల్వ్ మూసి ఉంది. ఎందుకు? కంట్రోల్ రూమ్ నుంచి యూనిట్‌ను నడిపే బోర్డ్ ఆపరేటర్ తెరవలేదు. ఎందుకు? స్టార్టప్ ప్రొసీజర్ పాటించలేదు.

అయిదూ అయిపోయాయి. ఇందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క పనికొచ్చే ముక్కా లేదు. ఈ పద్ధతి ఒక ప్రశ్నకు ఒకే జవాబు అడుగుతుంది, కాబట్టి అందరికంటే ముందు కళ్లకు కనిపించే జవాబు గెలుస్తుంది. ఆఖరి నిమిషంలో యంత్రం మీద చెయ్యి ఉన్న మనిషే ఎప్పుడూ ముందు కనిపిస్తాడు.

అలాగని పారేయక్కర్లేదు. ప్రతి మెట్టు దగ్గర రెండు ప్రశ్నలు అడిగితే చాలు, చిన్న సంఘటనలకు ఇది బాగానే పనిచేస్తుంది. ఒకటి: ఇది ఎందుకు జరిగింది? రెండు: జరుగుతుంటే ఎందుకు బయటపడలేదు, ఎందుకు ఆగలేదు? "టవర్ నిండి పొర్లింది" అన్న మెట్టు దగ్గర రెండో ప్రశ్న వేసి చూడండి. లెవెల్ ఎక్కువైతే మోగాల్సిన రెండు అలారాల్లో ఒకటి మోగనే లేదు. టవర్‌కు బిగించిన సైట్‌గ్లాస్ మసిబారి లోపల ఏమీ కనిపించదు. ఇలా మనిషిని దాటి పరికరాల వైపు దారి తెరుచుకుంటుంది.

చేపముల్లు: అన్నీ ఉంటాయి, ముడి ఉండదు

బోర్డు మీద చేప వెన్నెముక గీసి, మనుషులు, పరికరాలు, పరిసరాలు అని ముళ్లు పెట్టి, పదిమందిని కూర్చోబెడితే అరగంటలో ఇరవై మాటలు వస్తాయి. అలసట. శిక్షణ లోపం. లెవెల్ ట్రాన్స్‌మిటర్. ట్రైలర్లు. షిఫ్ట్ మార్పు. ఏ వైపునూ వదిలేయకుండా చూడటానికి ఇంతకంటే త్వరగా అయ్యే పద్ధతి లేదు.

ఇబ్బంది ఏమిటంటే అవి మాటలే, కారణాలు కావు. "అలసట" అని ముల్లు మీద రాస్తే దాన్ని ఒప్పుకోవడమూ కష్టమే, కాదనడమూ కష్టమే. ఆ రోజు పగటి బోర్డ్ ఆపరేటర్ అప్పటికి 29 రోజులుగా సెలవు లేకుండా రోజుకు 12 గంటల షిఫ్టులు చేస్తున్నాడని రాస్తే అది లెక్క చూసి సరిపోల్చగలిగిన విషయం. ఆ అలసట అతని ఏ నిర్ణయాన్ని, ఏ గంటలో ప్రభావితం చేసిందో కూడా చెప్పినప్పుడే అది కారణం అవుతుంది. చేపముల్లు ఈ రెండో మెట్టు ఎక్కమని అడగదు. అందుకే దీన్ని మొదటి సమావేశంలో వాడుకోవచ్చు గానీ, నివేదికలో అతికించి అదే విశ్లేషణ అనడం మంచిది కాదు. ముళ్లన్నీ సమాన పొడవుతో అందంగా నిండి ఉన్నాయంటే ఎవరో గడులు నింపడానికే నింపారని అనుమానించాలి.

మూడు వరుసల కాలక్రమం

మా మొదటి ఎంపిక ఇదే. పెద్ద చార్టు పేపరు మీద ఎడమ నుంచి కుడికి సమయం వేయండి. కింద మూడు వరుసలు: మొదటిది, ఆ క్షణంలో మనిషికి ఏం తెలుసు, ఏం చేశాడు; రెండోది, పరికరం ఏం చూపించింది, నిజంగా ఏ స్థితిలో ఉంది; మూడోది, చుట్టూ ఏం ఉంది. రెండో వరుసలో "చూపించింది", "నిజం" అని రెండు గడులు విడిగా ఉండటం చాలా ముఖ్యం. ఈ ఒక్క గీత లేకపోతే పద్ధతి సగం బలం పోగొట్టుకుంటుంది.

టెక్సస్ సిటీని ఇందులో పెడదాం. తెల్లవారుజామున రాత్రి షిఫ్ట్ వాళ్లు టవర్ నింపారు. మొదటి అలారం మోగింది, రెండోది మోగలేదు. లెవెల్ ట్రాన్స్‌మిటర్ టవర్ అడుగున సుమారు 5 అడుగుల నిడివిని మాత్రమే కొలుస్తుంది. ద్రవం ఆ పరిధి దాటాక ఎంత పైకి పోయిందో అది చెప్పలేదు. నింపిన మనిషి కంట్రోల్ రూమ్‌లో కాకుండా వేరే చిన్న గదిలో ఉండి పనిచేశాడు, షిఫ్ట్ ముగియకముందే వెళ్లిపోయాడు. లాగ్‌బుక్‌లో యూనిట్‌లోకి కొంత ద్రవం తెచ్చామన్న అర్థంతో ఒకే ఒక్క ముక్క రాసి ఉంది. ఎంత తెచ్చారో, తర్వాత ఏం చెయ్యాలో లేదు.

పొద్దున వచ్చిన బోర్డ్ ఆపరేటర్‌కు తెలిసింది అంతే. 10 గంటలకు అటూఇటూగా ద్రవం రాక మళ్లీ మొదలైంది. బయటికి వచ్చే సరుకును ఎక్కడికి పంపాలన్న దానిపై ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పిన దానికి పొసగలేదు. ఉదయం 10:50కి సూపర్‌వైజర్ ఇంట్లో అత్యవసర పరిస్థితి వచ్చి వెళ్లిపోయాడు. అనుభవమున్న మరొకరిని ఆయన స్థానంలో పెట్టలేదు. బోర్డ్ ఆపరేటర్ ఒక్కడే మూడు యూనిట్లు చూసుకుంటున్నాడు.

ఇక రెండో వరుసలోని రెండు గడులు చూడండి. మధ్యాహ్నం 1 గంట దాటాక స్క్రీన్ మీద లెవెల్ ట్రాన్స్‌మిటర్ కొలత పరిధిలో 78 శాతం దగ్గర ఉంది, పొద్దుటి నుంచి మెల్లగా తగ్గుతూ వచ్చింది. నిజంగా ద్రవం 158 అడుగుల ఎత్తులో ఉంది. ట్రాన్స్‌మిటర్‌ను పాత సాంద్రత విలువతో క్యాలిబ్రేట్ చేశారు. ద్రవం వేడెక్కి సాంద్రత తగ్గేకొద్దీ స్క్రీన్ మీది అంకె కిందికి జారింది. లోపలికి ఎంత వస్తోంది, బయటికి ఎంత పోతోంది అన్నవి వేర్వేరు స్క్రీన్ల మీద ఉన్నాయి. రెండూ పక్కపక్కన ఉండి ఉంటే మూడు గంటలుగా బయటికి ఏమీ పోవడం లేదని ఎవరికైనా కనిపించేది.

ఇక్కడికి వచ్చేసరికి ప్రశ్న మారిపోతుంది. "ఎందుకు గమనించలేదు?" అన్నది పోయి, "ఆ స్క్రీన్ ముందు కూర్చున్న మనిషికి టవర్ నిండుతోందని తెలిసే దారి ఏది?" అన్నది వస్తుంది. ఈ పద్ధతిని ఎంచుకోవడానికి కారణం ఇదే. రాసేవాడి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడకుండా, మనిషి పని పక్కనే అతనికి కనిపించిన దృశ్యాన్ని పెట్టిస్తుంది.

మూడో వరుసలో చాలామంది "వర్షం", "చీకటి", "వేడి" అని రాసి ఊరుకుంటారు. పరిసరాలంటే వాతావరణం ఒక్కటే కాదు. ఏది దేనికి ఎంత దగ్గరలో ఉంది, చుట్టుపక్కల ఇంకే పనులు జరుగుతున్నాయి, ఎవరికి ఏ సమాచారం అందింది అన్నవి కూడా అందులోకే వస్తాయి. బ్లోడౌన్ డ్రమ్ముకు దగ్గరి ట్రైలర్ 121 అడుగుల దూరంలో ఉంది. యూనిట్ స్టార్టప్ జరుగుతోందని అందులోని వారికి చెప్పలేదు. ఇంజన్ నడుస్తున్న బండి ఆ ప్రాంతంలో నిలిచి ఉంది. వానా లేదు, చీకటీ లేదు.

కారణాల చెట్టు: ప్రాణాలు పోయినప్పుడు

పై కొసన నష్టం రాసి, అది జరగడానికి తప్పనిసరిగా ఉండాల్సినవి ఏవో కింద కొమ్మలుగా గీస్తూ పోవడమే చెట్టు. ఒక కొమ్మను తీసేస్తే నష్టం ఆగేదా అని ప్రతిదాన్నీ పరీక్షించాలి. ఇది రోజుల తరబడి పని. నేర్చుకున్న మనిషి దగ్గరుండి నడిపించాలి. వేలు తెగిన ప్రతి సంఘటనకూ దీన్ని పెడితే రెండో నెలలో అందరూ మొక్కుబడిగా గీస్తారు.

దీని వల్ల వచ్చే లాభం మాత్రం మరో పద్ధతిలో దొరకదు. "15 మంది చనిపోయారు" అని పైన రాయగానే చెట్టు రెండుగా చీలుతుంది: మండే ద్రవం బయటికి రావడం ఒక కొమ్మ, వచ్చిన చోట మనుషులు ఉండటం మరో కొమ్మ. ఫ్లేర్ లేని పొగగొట్టం, ట్రైలర్ల స్థలం, వాళ్లకు కబురు అందకపోవడం, నడుస్తున్న ఇంజన్ — వీటిలో ఎక్కడా బోర్డ్ ఆపరేటర్ లేడు. అతను ఆ రోజు చేసినవన్నీ తప్పులే అని వాదించినా, ఆ మరణాలకు అది ఒక్కటే కారణంగా సరిపోదని చెట్టు చూపిస్తుంది.

అయితే ఏది ఎంచుకోవాలి

ప్రథమ చికిత్సతో సరిపోయిన, అంతకంటే పెద్దది కాగల అవకాశం లేని సంఘటనకు రెండు ప్రశ్నల ఎందుకులు చాలు. ఒక పేజీ, ఒక పూట. పనిదినాలు పోయిన గాయానికి, త్రుటిలో తప్పిన పెద్ద ప్రమాదానికి మూడు వరుసల కాలక్రమం. మరణం, పెద్ద ఎత్తున లీకు, అగ్నిప్రమాదం అయితే ముందు కాలక్రమం గీసి, దాని మీద చెట్టు కట్టాలి. చేపముల్లును ఏ స్థాయిలోనూ ఒంటరిగా వాడకండి.

స్థాయిని దెబ్బ ఎంత తగిలిందన్న దాన్ని బట్టి కాకుండా, ఎంత తగిలి ఉండేదో దాన్ని బట్టి నిర్ణయించండి. హాయిస్ట్ కొక్కెం ఊడి ఖాళీ నేల మీద పడితే గాయం సున్నా. దానికి ఒక పేజీ ఎందుకులు సరిపోవు.

పద్ధతి కుదిరాక వాక్యం

మంచి చార్టు గీసి కూడా చివర్లో వాక్యాలు చెడగొట్టేవాళ్లు ఎక్కువ. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల భద్రతా కేంద్రం వాడే అయిదు కారణ నియమాలు ఇక్కడ ఫ్యాక్టరీకీ అంతే పనికొస్తాయి. కారణం నుంచి ఫలితానికి ముడి కనిపించాలి. తిట్టులాంటి మాటలు ఉండకూడదు. ప్రతి మానవ పొరపాటుకూ దాని వెనకున్న కారణం రాయాలి. ప్రతి ప్రొసీజర్ ఉల్లంఘనకూ అలాగే. ఒక పని చేయకపోవడాన్ని కారణంగా రాయాలంటే, అది చేయాల్సిన బాధ్యత ముందే ఉండి ఉండాలి.

మొదటి రెండింటికీ ఉదాహరణ. "ఆపరేటర్ లెవెల్‌ను సరిగా గమనించలేదు" అన్న వాక్యాన్ని ఇలా మార్చండి: "ట్రాన్స్‌మిటర్ టవర్ అడుగునే కొలవడం, పాత సాంద్రత విలువతో క్యాలిబ్రేట్ అయి ఉండటం వల్ల స్క్రీన్ మీద లెవెల్ తగ్గుతున్నట్టు కనిపించింది. రాక, పోక వేర్వేరు స్క్రీన్లలో ఉండటంతో టవర్ నిండుతోందని ఆపరేటర్ గుర్తించే అవకాశం తగ్గింది." పొడుగే. కానీ ఇందులోంచి మూడు మరమ్మతులు నేరుగా బయటికి వస్తాయి. మొదటి వాక్యంలోంచి మెమో మాత్రమే వస్తుంది.

ఉల్లంఘన సంగతి ఇంకా ఆసక్తికరం. "లెవెల్ 50 శాతం దగ్గర ఉంచాలన్న నిబంధన ఉల్లంఘించారు" అని రాస్తే అది నిజమే. కానీ అంతకుముందు అయిదేళ్లలో జరిగిన 19 స్టార్టప్‌లలో చాలావాటిలో లెవెల్‌ను కొలత పరిధి దాటే నింపారు. లెవెల్ పడిపోతే ఫర్నేస్‌కు వెళ్లే ప్రవాహం తగ్గి అది దెబ్బతింటుందని ఆపరేటర్ల భయం. ఏ ఒక్కసారీ ఎవరూ ఆపలేదు, ప్రొసీజర్‌ను మార్చనూ లేదు. కాబట్టి రాయాల్సింది: "రాసి ఉన్న పద్ధతి ఫర్నేస్‌ను కాపాడుకోవడానికి పనికిరాదన్న అభిప్రాయంతో ఎక్కువ నింపడం అలవాటుగా స్థిరపడింది, ముందటి స్టార్టప్‌ల రికార్డులను ఎవరూ సమీక్షించకపోవడంతో అది బయటపడలేదు." ఉల్లంఘన అన్న మాట కనిపించిన ప్రతిసారీ గత రికార్డులు కొన్ని తీసి చూడండి. అందరూ అదే చేస్తుంటే తప్పు ఒక మనిషిది కాదు. అతనొక్కడే చేసి ఉంటే, అదే అనుభవమున్న మరో ఇద్దరు ముగ్గురిని అదే పరిస్థితి చెప్పి మీరైతే ఏం చేస్తారని అడగండి.

నిర్లక్ష్యం, అజాగ్రత్త, సరిగా, తగినంత: ఈ నాలుగు మాటలు డ్రాఫ్టులో ఎక్కడ కనిపించినా గీత పెట్టండి. "తగినంత శిక్షణ లేదు" అంటే ఏది నేర్పలేదు? అసాధారణ స్టార్టప్ మీద ఎప్పుడైనా ప్రాక్టీసు చేయించారా, చేయిస్తే ఎప్పుడు? ఆ వివరం దొరక్కపోతే ఆ కారణం ఇంకా కారణం కాలేదు.

అటువైపు కూడా ఒక గొయ్యి ఉంది. ఆపరేటర్‌ను వదిలేసి "మేనేజ్‌మెంట్ వైఫల్యం" అని రాయడం. అది కుర్చీ మార్చిన ఆపరేటర్ తప్పిదమే. ఏ నిర్ణయం, ఏ సంవత్సరం, ఏ పరిస్థితిని తెచ్చిందో చెప్పకపోతే దానికీ విలువ లేదు. అలాగే మనిషి చేసిన పనిని నివేదికలోంచి మాయం చేయనక్కర్లేదు. వాల్వ్ మూసి ఉందని, ఎవరు ఏ గంటకు తెరిచారని స్పష్టంగా రాయండి. తీర్పు చెప్పే విశేషణాన్ని తీసేస్తే చాలు.

ఆధారాలు ఆవిరైపోయేలోపు

మనుషుల వాంగ్మూలాలు ముందు తీసుకుని పరికరాల సంగతి తర్వాత చూద్దామనుకుంటే నివేదిక మనుషుల వైపే ఒరిగిపోతుంది. కంట్రోల్ సిస్టమ్ ట్రెండ్‌లు, అలారం జాబితా కొన్ని చోట్ల కొన్ని రోజులకే చెరిగిపోతాయి. వాటిని మొదటి షిఫ్టులోనే కాపీ చేయించండి. సైట్‌గ్లాస్, గేజ్, స్విచ్చుల స్థానాలు ఎవరూ తుడవకముందే, కదపకముందే ఫొటో తీయండి. లాగ్‌బుక్ పేజీలు, ఆ పరికరం మీద పెండింగులో ఉన్న వర్క్ ఆర్డర్లు, చివరి క్యాలిబ్రేషన్ షీటు తెప్పించుకోండి. షీటులో టిక్కు ఉంటే ఆగకండి, ఆ పరీక్ష నిజంగా చేసింది ఎవరో అడగండి.

మాట్లాడేటప్పుడు ఒక్కొక్కరితో విడిగా, వీలైతే అదే రోజు మాట్లాడండి. "ఎందుకు చూడలేదు?" అంటే ఎదుటివారు తనను తాను కాపాడుకునే పనిలో పడతారు. "ఆ టైములో స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది? దాన్ని చూసి ఏమనుకున్నారు? తర్వాత ఏం జరుగుతుందని ఎదురుచూశారు?" అని అడిగితే మొదటి వరుస దానంతటదే నిండుతుంది.

ఎక్కడ ఆపాలి

ఎందుకు అన్న ప్రశ్నకు అంతం లేదు. సంస్థలో ఒక పేరున్న మనిషి, ఒక తేదీలోపు మార్చగలిగిన దాని దగ్గర ఆపండి. "ట్రైలర్లను ప్రమాదకర యూనిట్ల నుంచి ఎంత దూరంలో పెట్టాలో నిర్ణయించే పద్ధతి" అన్నది ఆపాల్సిన చోటు. "పరిశ్రమలో భద్రతా సంస్కృతి" అన్నది దాటిపోయిన చోటు. "వాల్వ్ తెరవలేదు" అన్నది ముందే ఆగిపోయిన చోటు.

సరిగ్గా ఆగారో లేదో తెలుసుకోవడానికి చర్యల జాబితా చూస్తే సరిపోతుంది. అక్కడ ఉన్నవన్నీ మళ్లీ శిక్షణ, టూల్‌బాక్స్ టాక్, హెచ్చరిక బోర్డు అయితే పైన చార్టు ఎంత పెద్దదైనా విశ్లేషణ మనుషుల వరుసలోనే ఉండిపోయింది. పరికరాలు, పరిసరాల వరుసల్లోంచి కనీసం ఒక్కో చర్య రావాలి: హై లెవెల్‌లో ఫీడ్ దానంతటదే ఆగిపోయే ఇంటర్‌లాక్, రాక-పోకలు ఒకే స్క్రీన్ మీద, బ్లోడౌన్‌కు బదులు ఫ్లేర్, స్టార్టప్ సమయంలో చుట్టుపక్కల ఖాళీ చేయించడం. ఇవి మనిషి అలసిపోయిన రోజున కూడా పనిచేస్తాయి.

ఇంకో చిన్న సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. నివేదిక శీర్షిక. "వాల్వ్ తెరవకపోవడం వల్ల టవర్ పొర్లి పేలుడు" అని పైన రాసేస్తే చదివేవారికి కారణం మొదటి లైనులోనే దొరికిపోతుంది, కింది పదిహేను పేజీలు ఎవరూ తిప్పరు. విచారణ కమిటీ కూడా తెలియకుండానే ఆ శీర్షికకు రుజువులు వెతుకుతుంది. కాబట్టి ఫారం తెరిచిన రోజున శీర్షికలో జరిగింది, స్థలం, తేదీ మాత్రమే రాయండి: "ఐసోమరైజేషన్ యూనిట్ బ్లోడౌన్ స్టాక్ నుంచి హైడ్రోకార్బన్ విడుదల, పేలుడు, 2005 మార్చి 23."